శీర్షికకు ఎంత భారం?

వ్యాసాల భాండారంలో ‘మామిడి పచ్చడి’ అని వెదికితే, కంప్యూటరు శీర్షికకు, పాఠ్యానికి, సూచికపదాలకు వేర్వేరుగా మార్కులు వేసి, ఒక్కొక్కదానిని దాని భారంతో గుణించి కూడుతుందనుకుందాం. ‘వేసవి నిల్వలు’ వ్యాసానికి పాఠ్యంలో 5, సూచికపదాలలో 2, మొత్తం 7. ‘మామిడి తోరణాలు’ వ్యాసానికి శీర్షికలో 2, పాఠ్యంలో 1. `title^2` అయితే 5; `title^10` అయితే 21! పచ్చడి కోరినవారికి తోరణం దక్కుతుంది.

శీర్షికలలో అరుదైన పదానికి అక్కడ సహజంగానే ఎక్కువ మార్కు పడుతుంది. పెద్ద భారం ఆ మొగ్గును ఇంకా పెంచుతుంది. కనుక సరియైన జవాబులు ముందే గుర్తించిన 50 ప్రశ్నలు సిద్ధపరచుకోవాలి. ఒకసారి ఒక్క భారమే మారుస్తూ 25 ప్రశ్నలతో సరిచూసి, మిగిలిన 25తో పరీక్షించాలి. మొదటి సగంలో మెరుగై రెండవ సగంలో దిగజారితే, పాత భారమే ఉంచడం క్షేమం.