నైపుణ్యం, అనుభవం, చదువు: మూడు మార్కులు ఒకే స్కోరుగా

జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. అలాంటి కర్మాగారానికి విడిభాగాలు చేసిచ్చే ఒక చిన్న యూనిట్ వెల్డర్ ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచిందనుకుందాం. రెజ్యూమెలను వరుసలో పెట్టడానికి ఒక్కొక్కరికీ ఒకే స్కోరు కావాలి.

ముందు ఒకే కొలత

అనుభవం ఏళ్లలో, ఐటీఐ ఫలితం శాతంలో ఉంటాయి. వాటిని నేరుగా కూడకూడదు. అన్నింటినీ 0–100లోకి మార్చాలి. 5 ఏళ్ల అనుభవానికి 100 ఇస్తే, 3 ఏళ్లకు 60 వస్తుంది. 12 ఏళ్లున్నా 100 దాటనివ్వకూడదు. లేకుంటే అనుభవమే మిగతా రెండింటినీ మింగేస్తుంది.

వెయిటేజీ

తెలంగాణ డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఇచ్చే పద్ధతి అభ్యర్థులకు తెలిసిందే. ఇక్కడా అదే లెక్క. వెయిటేజీల మొత్తం 1 కావాలి.

తుది స్కోరు = 0.5 × నైపుణ్యం + 0.3 × అనుభవం + 0.2 × చదువు

మొదటి అభ్యర్థికి వరుసగా 80, 60, 70 వచ్చాయి. 40 + 18 + 14 = 72.

ఈ సూత్రంలో ఒక లోపముంది. నైపుణ్యం 20 మాత్రమే ఉన్నా, మిగతా రెండూ 100 అయితే మొత్తం 60 వస్తుంది. వెల్డింగ్ సరిగా రానివారిని పట్టా గట్టెక్కించకూడదు కాబట్టి నైపుణ్యానికి కనీస మార్కు విడిగా పెట్టాలి.

రెజ్యూమెలో లేని సమాచారం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రెండో అభ్యర్థికి నైపుణ్యం 80, చదువు 70. అనుభవం గురించి ఏమీ రాయలేదు.

దాన్ని సున్నాగా తీసుకుంటే స్కోరు 54. ఇది అన్యాయం కావచ్చు. కాంట్రాక్టర్ కింద షెడ్డులో ఏళ్లతరబడి పనిచేసి, చేతిలో అనుభవ పత్రం లేక ఆ గడి వదిలేసినవారు ఉంటారు. "అనుభవం లేదు" అని రాసినవారికి సున్నా సరే. ఏమీ రాయనివారి సంగతి వేరు.

ఉన్న రెండింటి వెయిటేజీతోనే భాగిస్తే 54 ÷ 0.7 = 77.1. చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ మూడేళ్లని నిజాయితీగా రాసిన మొదటి అభ్యర్థి 72తో వెనకబడ్డాడు. తక్కువ అనుభవాన్ని దాచినవారికి లాభం చేకూర్చే లెక్క ఇది.

మిగతా దరఖాస్తుదారుల మధ్యగతం 50 అనుకుని నింపితే 69 వస్తుంది. ఇది కొంత మెరుగే. అయినా ఊహించిన అంకె అని పక్కన గుర్తు పెట్టాలి.

హద్దులతో నిర్ణయం

నా దృష్టిలో అన్నింటికన్నా నమ్మదగిన పద్ధతి కనిష్ఠం, గరిష్ఠం రెండూ లెక్కించడం. అనుభవం 0 అయితే 54, 100 అయితే 84. కటాఫ్ 50 అయితే ఎలాగూ ఎంపికవుతారు. 90 అయితే ఎలాగూ కారు. కటాఫ్ 65 అయితే మాత్రం అది ఆ రెండు అంకెల మధ్య పడుతుంది. అప్పుడు అంకెలతో తేల్చకుండా, ఫోన్ చేసి ఎన్నేళ్లు పనిచేశారో అడగాలి. 37 మార్కులు, అంటే సుమారు రెండేళ్ల అనుభవం తేలితే చాలు, 65 దాటుతారు.