21 వేయాలా, 20.5 వేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. 1–10, 11–20, 21–30 లాంటి తరగతులున్న లెక్కలో సగటు సరిగ్గానే వస్తోంది, మధ్యగతం మాత్రం తప్పుతోంది. ఎందుకు?
– ఒక తల్లి, మారేడుపల్లి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, 10కీ 11కీ మధ్య ఖాళీ ఉంది చూడండి. మధ్యగతం సూత్రానికి ఆ ఖాళీ ఉండకూడదు. అందుకే ప్రతి తరగతి దిగువ అవధిలో 0.5 తీసి, ఎగువ అవధికి 0.5 కలపాలి. 21–30 కాస్తా 20.5–30.5 అవుతుంది.

ఐదు తరగతుల పౌనఃపున్యాలు వరుసగా 4, 6, 12, 5, 3 అనుకుందాం. మొత్తం 30, సగం 15. సంచిత పౌనఃపున్యాలు 4, 10, 22 కాబట్టి పదిహేనోది మూడో తరగతిలో పడుతుంది.

```
l + ((n/2 − cf)/f) × h
20.5 + ((15 − 10)/12) × 10 = 24.67
```

l దగ్గర 21 వేస్తే 25.17 వస్తుంది. సరిగ్గా 0.5 ఎక్కువ. మీ అబ్బాయి జవాబుకీ పుస్తకంలోని జవాబుకీ తేడా ఇంతే ఉంటే కారణం ఇదే. బాహుళకంలోనూ ఇదే తప్పు దొర్లుతుంది.

సగటుకు ఈ బెడద లేదు. 21–30కీ, 20.5–30.5కీ మధ్య విలువ 25.5 ఒక్కటే. ఇంటర్‌లో వచ్చే ప్రామాణిక విచలనం కూడా మధ్య విలువలతోనే కడతారు కనుక మారదు.

వయసుల పట్టికలో మాత్రం జాగ్రత్త. నిండిన ఏళ్లలో రాసిన 20–29 అంటే ముప్ఫయ్యో పుట్టినరోజు దాకా. అక్కడ హద్దులు 20, 30 అవుతాయి; 19.5 కాదు.