గుండెకు షాక్: నిర్ణయం యంత్రానిది, పని మనది



2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక మనిషి కుప్పకూలితే, అక్కడ డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టిన వీడియో మనలో చాలామంది చూశాం. ఆ తర్వాత కొద్ది రోజులకే, మార్చిలో, తెలంగాణ ప్రభుత్వం సి.పి.ఆర్. శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. దానితోపాటే ఎ.ఇ.డి. అనే యంత్రం పేరు కూడా వినిపించసాగింది. మసీదులో, ఫంక్షన్ హాల్లో, బడిలో ఒకటి పెట్టిద్దామా అని దాతలు ఆలోచించే వస్తువు ఇది. అయితే ఆ మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటుంది: "డాక్టరు కాని మనం కరెంటు షాక్ ఇస్తే, ఉన్న ప్రాణం కూడా పోతే ఎలా?" ఈ పాఠం ఆ ఒక్క ప్రశ్న గురించే.

షాక్ గుండెను నడిపించదు, ఆపుతుంది

గుండె కుడి పై గదిలో ఒక చిన్న కణజాలం ఉంటుంది. అది నిమిషానికి 60 నుంచి 100 సార్లు సన్నని విద్యుత్ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం ఒక క్రమంలో గుండె అంతా పాకుతుంది, కండరం మొత్తం ఒకేసారి ముడుచుకుంటుంది, రక్తం బయటికి తోయబడుతుంది.

కొన్నిసార్లు, ముఖ్యంగా గుండె రక్తనాళం మూసుకుపోయినప్పుడు, కింది గదుల కండరంలో ఈ క్రమం చెదిరిపోతుంది. ఎక్కడికక్కడ ముక్కలు ముక్కలుగా విద్యుత్తు తిరుగుతూ ఉంటుంది. కండరం వణుకుతుందే తప్ప ముడుచుకోదు. దీన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. క్షణాల్లో మనిషి స్పృహ తప్పుతాడు. ఛాతీ నొక్కడం కూడా జరగకపోతే బతికే అవకాశం నిమిషానికి సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున తరిగిపోతుంది.

తరగతి గదిలో అరవై మంది పిల్లలు ఒకేసారి అరుస్తున్నారనుకోండి. లీడర్ మాట ఎవరికీ వినబడదు. టీచరు బల్ల మీద గట్టిగా చరిస్తే ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లీడర్ గొంతు మళ్ళీ వినిపిస్తుంది. షాక్ చేసే పని ఇదే. గుండె కండరాన్నంతా ఒకేసారి నిశ్శబ్దం చేస్తుంది. ఆ తర్వాత సహజమైన సంకేతం మళ్ళీ పగ్గాలు అందుకోవాలి. అందుకే సినిమాల్లో చూపించినట్టు గీత పూర్తిగా చదునైపోయిన గుండెకు షాక్ ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. అక్కడ అణచడానికి అల్లరే లేదు. అక్కడ కావలసింది ఛాతీ నొక్కడం, వైద్యుల మందులు.

యంత్రం ఎలా పోల్చుకుంటుంది?

ఛాతీకి అతికించే రెండు ప్యాడ్లు షాక్ ఇవ్వడానికే కాదు, ముందుగా వినడానికి. ప్యాడ్లు చర్మానికి సరిగా అంటుకున్నాయా అని యంత్రం మొదట చూసుకుంటుంది. ఇందుకోసం ఒక ప్యాడ్ నుంచి మరో ప్యాడ్‌కు శరీరం ఎంత విద్యుత్ నిరోధం చూపుతోందో కొలుస్తుంది. అది హద్దు దాటితే "ప్యాడ్లు సరిచూడండి" అంటుంది. ఆ తర్వాత ఇ.సి.జి. చదువుతుంది.

ఆ గీతలో అది ముఖ్యంగా మూడు విషయాలు చూస్తుంది. మొదటిది అల ఎత్తు. మిల్లీవోల్టులో సుమారు పదో వంతు కూడా లేకపోతే దాన్ని చదును గీతగానే లెక్కిస్తుంది, షాక్ వద్దంటుంది. రెండోది వేగం. మూడోది ఆకారం. మామూలు గుండె గీతలో సూదిలాంటి శిఖరం వస్తుంది, తర్వాత కాస్త చదునైన భాగం, మళ్ళీ శిఖరం. ఫిబ్రిలేషన్‌లో ఆ చదునైన భాగమే ఉండదు. గీత పైకీ కిందికీ ఎడతెగకుండా, ఏ రెండు అలలూ ఒకేలా లేకుండా కదులుతూనే ఉంటుంది. యంత్రం షాక్ ఇచ్చే లయ మరొకటి కూడా ఉంది, వెంట్రిక్యులర్ టాకికార్డియా. అందులో వెడల్పాటి అలలు చాలా వేగంగా, కానీ ఒక వరుసలో వస్తాయి.

ఒక్కసారి చూసి యంత్రం తీర్పు చెప్పదు. ఉదాహరణకు ఒక ప్రసిద్ధ పద్ధతిలో గీతను మూడేసి సెకన్ల లోపు ముక్కలుగా తీసుకుంటుంది. మూడు ముక్కల్లో రెండైనా ఒకే మాట చెబితేనే నిర్ణయం. ఆ తర్వాతే షాక్ అనుమతిస్తుంది. అంతవరకు బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు.

పరీక్ష పేపర్లు దిద్దే అలవాటున్న నాకు ఇందులో నచ్చిన విషయం ఒకటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1997లో ఈ యంత్రాలకు పాస్ మార్కులు నిర్ణయించింది. స్పష్టమైన ఫిబ్రిలేషన్‌ను 90 శాతం కంటే ఎక్కువసార్లు పట్టుకోవాలి. మామూలు లయను చూసినప్పుడు మాత్రం 99 శాతం కంటే ఎక్కువసార్లు "షాక్ వద్దు" అనాలి. రెండు అంకెలూ సమానం కావు. అనవసరంగా షాక్ ఇవ్వకుండా ఉండటం మీదే ఎక్కువ కట్టుదిట్టం పెట్టారు. మన భయానికి జవాబు ఈ తేడాలోనే ఉంది.

యంత్రానికి కనబడనిది

యంత్రం విద్యుత్తును మాత్రమే చూస్తుంది. నాడి కొట్టుకుంటోందా, ఊపిరి ఉందా అన్నది దానికి తెలియదు. కొందరిలో గీత చక్కగా ఉంటుంది కానీ గుండె రక్తాన్ని తోయలేకపోతుంది. అప్పుడు యంత్రం "షాక్ అవసరం లేదు" అంటుంది. ఆ మాటకు మనిషి బాగున్నాడని అర్థం కాదు. స్పృహ, సరైన శ్వాస లేకపోతే ఛాతీ నొక్కుతూనే ఉండాలి.

కాబట్టి తేల్చుకోవలసింది మనం ఒక్కటే: పిలిస్తే పలుకుతున్నాడా, మామూలుగా ఊపిరి తీస్తున్నాడా? అప్పుడప్పుడు నోరు తెరిచి ఎగపోస్తున్నట్టు తీసే ఊపిరి ఊపిరి కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఆరో తరగతి పిల్లలు చేసి చూపారు

అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన ఒక అధ్యయనం 1999లో ప్రచురితమైంది. ఎ.ఇ.డి.ని ఎన్నడూ వాడని 15 మంది ఆరో తరగతి పిల్లలకు, బొమ్మ రోగి మీద, యంత్రం ఇచ్చి చూశారు. షాక్ ఇవ్వడానికి వాళ్ళకు సగటున 90 సెకన్లు పట్టింది. శిక్షణ పొందిన అంబులెన్స్ సిబ్బందికి 67 సెకన్లు. ప్యాడ్లు అందరూ సరిగానే పెట్టారు. షాక్ వేళ అందరూ దూరంగానే ఉన్నారు. తేడా 23 సెకన్లు మాత్రమే.

అది బొమ్మ కదా అంటారేమో. చికాగో విమానాశ్రయాల్లో 1999 నుంచి రెండేళ్ళపాటు నిజమైన కేసులు లెక్కపెట్టారు. యంత్రాలను వేగంగా నడిస్తే ఒకటి, ఒకటిన్నర నిమిషంలో చేరేంత దూరంలో గోడలకు పెట్టారు. 18 మందికి ఫిబ్రిలేషన్ వచ్చింది. 11 మందిని బతికించగలిగారు. ఆ 11 మందిలో ఆరుగురిని కాపాడినవారికి ఈ యంత్రం వాడటంలో శిక్షణ లేదు, అయితే వారిలో ముగ్గురు వైద్య పట్టా ఉన్నవారు. మరో నాలుగు కేసుల్లో యంత్రం, ఇది ఫిబ్రిలేషన్ కాదని సరిగ్గా చెప్పి షాక్ ఇవ్వలేదు. ఇక ఫిబ్రిలేషన్ వచ్చినా యంత్రం దగ్గరలో లేకనో, ఐదు నిమిషాల్లో వాడకనో మిగిలిపోయినవారు నలుగురు. వారిలో ఒక్కరూ బతకలేదు.

మన మసీదులో జరిగితే

ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణ. శుక్రవారం జుమా వేళ వుజూ చేసుకుంటూ యాభై ఏళ్ళ మనిషి పడిపోయాడు. పిలిస్తే పలకలేదు, ఊపిరి సరిగా లేదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు యంత్రానికి పరుగెత్తాలి, ఒకరు ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టాలి. మండిబజార్ వంటి రద్దీ ప్రాంతంలో అంబులెన్స్ వచ్చేసరికి పట్టే నిమిషాలు మన చేతిలో లేవు. ఈ పని మన చేతిలో ఉంది.

అది తడి నేల. మనిషిని నీటి మడుగులోంచి పక్కకు లాగి, ఛాతీ మాత్రం గుడ్డతో పొడిగా తుడవాలి. ఛాతీ మీద నీరుంటే ప్యాడ్ అంటదు, కరెంటు చర్మం మీదుగానే పోయి గుండెకు చేరదు. రోమాలు దట్టంగా ఉంటే పెట్టెలోని రేజరుతో తీసెయ్యాలి. ఒక ప్యాడ్ కుడి మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. చర్మం కింద పేస్‌మేకర్ గడ్డలా తగిలితే సరిగ్గా దాని మీద పెట్టకూడదు.

యంత్రం చదివేటప్పుడు ఎవరూ తాకకూడదు. ఛాతీ నొక్కుతుంటే, మనిషిని కదుపుతుంటే ఆ కదలికే గీతలో అలల్లా కనబడి యంత్రం తికమకపడుతుంది. షాక్ వేళ కూడా తాకకూడదు. "అందరూ దూరం" అని గట్టిగా అని, చుట్టూ చూసి, బటన్ నొక్కాలి. వెంటనే మళ్ళీ ఛాతీ నొక్కడం. రెండు నిమిషాలకు యంత్రం తనే ఆపమని మళ్ళీ చదువుతుంది.

పడిపోయింది స్త్రీ అయితే మనవాళ్ళు వెనకాడతారు. ప్యాడ్ నేరుగా చర్మానికే అంటాలి, కనుక ఆ భాగంలో బట్ట తొలగించక తప్పదు. నలుగురు స్త్రీలు దుపట్టాలతో చుట్టూ తెర పట్టవచ్చు. స్త్రీలెవరూ లేకపోతే పురుషులే చేయాలి. ప్రాణావసరంలో మామూలు నిషేధం సడలుతుందన్నది మన ఉలమాలు బోధించే సూత్రమే. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు పిల్లల ప్యాడ్లు లేదా యంత్రంలో పిల్లల స్విచ్ వాడాలి. అవి లేకపోతే పెద్దల ప్యాడ్లనే ఒకటి ఛాతీ మధ్య, ఒకటి వీపు మధ్య పెట్టాలి.

దాతలు అడగవలసినవి

యంత్రం కొనివ్వడంతో దానం పూర్తి కాదు. ప్యాడ్లలోని జిగురు పదార్థం ఎండిపోతుంది, వాటి మీద గడువు తేదీ ఉంటుంది. బ్యాటరీ కూడా కొన్నేళ్ళకు మార్చాలి. ఈ ఖర్చు ఏటా ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి. యంత్రం తనను తాను పరీక్షించుకుని చిన్న గుర్తు చూపిస్తుంది. ఆ గుర్తు "సిద్ధం" అంటోందా అని వారానికోసారి చూసి రిజిస్టరులో సంతకం చేసే మనిషి ఒకరుండాలి. చాలా యంత్రాలకు 50 డిగ్రీలు పైహద్దు. మే నెలలో వరంగల్ రేకుల షెడ్డు, ఎండలో నిలిపిన కారు ఆ హద్దు దాటతాయి. కొనేముందు అది ఏ భాషలో మాట్లాడుతుందో విని చూడండి. తెలుగో ఉర్దూనో కాకపోతే, అది పలికే మాటల అర్థం పక్కన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేయకండి. ఫజర్ వేళ ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వెతికే నిమిషాల్లోనే చికాగోలో ఆ నలుగురు మిగలలేదు.

గోడ మీద రాసి పెట్టుకోదగిన క్రమం

1. పలకడం లేదు, మామూలుగా ఊపిరి లేదు: 108కి ఫోన్, యంత్రానికి మనిషి.
2. యంత్రం వచ్చేదాకా ఛాతీ నొక్కడం ఆపవద్దు.
3. యంత్రం ఆన్ చేయండి, ఛాతీ పొడిగా తుడిచి ప్యాడ్లు అతికించండి.
4. చదువుతున్నప్పుడు, షాక్ వేళ ఎవరూ తాకవద్దు.
5. షాక్ ఇచ్చినా, వద్దన్నా, మనిషి కదిలేదాకా లేదా 108 సిబ్బంది వచ్చేదాకా ఛాతీ నొక్కుతూ ఉండండి. ప్యాడ్లు తీయవద్దు.