నీళ్లను పోనివ్వాలి, మట్టిని ఆపాలి

 

ఇవాళ జులై 11. నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టిన రోజు, మన తెలంగాణ ఇంజినీర్ల దినం. అంతటి మనిషిని తలుచుకునే రోజున నాకు జీవన సాఫల్య పురస్కారం ఇవ్వడం మీ ప్రేమ. నేను పెద్ద ప్రాజెక్టులేవీ కట్టలేదు. ఉద్యోగమంతా చెరువు కట్టల మీద తిరిగాను. మెట్టుగుట్ట బండల నీడలో పెరిగి, వరంగల్ ఆర్ఈసీలో చదివి, మళ్లీ ఈ నేల మీదే పనిచేసే అదృష్టం దొరికింది. ఎక్కువసేపు మాట్లాడను. నేర్చుకున్నవి నాలుగు చెప్పి కూర్చుంటాను.

1. కారే నీళ్లను మూయవద్దు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి చెరువు నిండింది. తూముకు కొంచెం పక్కగా, కట్ట బయటి అడుగున నీళ్లు ఊరుతున్నాయని కబురొచ్చింది. సాయంత్రం వెళ్లి నాలుగు బండ్ల బంకమట్టి పోయించి గట్టిగా దిమ్మిస కొట్టించాను. ఊట ఆగింది. పని అయిపోయిందనుకుని పక్క ఊళ్లో పడుకున్నాను.

అర్ధరాత్రి నీరటి వచ్చి లేపాడు. వెళ్లి చూస్తే నేను మూసిన చోటుకు రెండు బారల అవతల నీళ్లు ఎగదన్నుతున్నాయి. లాంతరు దగ్గరగా పెడితే అవి ఎర్రగా ఉన్నాయి. నీళ్లు కట్టను లోపలి నుంచి కోసుకుంటూ వస్తున్నాయన్నమాట. ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "సారూ, నీళ్ల తోవ మూస్తే అవి ఇంకో తోవ చూసుకుంటయి. నీళ్లను పోనియ్యాలె, మట్టిని ఆపాలె."

ఆ తెల్లవారేదాకా ఆయన చెప్పినట్టే చేశాం. ఊట మీద ముందు ఇసుక పోశాం, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు. ఇసుక మట్టిని పట్టుకుంటుంది. కంకర ఇసుకను పట్టుకుంటుంది. రాళ్లు రెండింటినీ కదలనీయవు. నీళ్లు మాత్రం వాటి సందుల్లోంచి పోతాయి. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు మోకాలెత్తు నిలిచేలా చేశాం. ఆ నిలిచిన నీటి బరువు ఊట జోరును కొంత తగ్గిస్తుంది. ఇటు ఇది జరుగుతుంటే అటు చెరువు లోపల నలుగురు తాళ్లు కట్టుకుని దిగారు. కట్టకు దగ్గరగా నీళ్లు సుడి తిరుగుతున్న చోటు పట్టుకుని, గడ్డి మోపులు, మట్టి బస్తాలు దింపారు. కింది ఊరికి మనిషిని పంపి, రెండో తూము ఎత్తి మట్టం తగ్గించాం. తెల్లవారేసరికి నీళ్లు తేట పడ్డాయి. కట్ట నిలిచింది.

ఇసుక, కంకర, రాళ్ల వరుస నేను పుస్తకంలో చదివిందే. దాని పేరు, లెక్క నాకు తెలుసు. ఎప్పుడు వాడాలో ఆయనకు తెలుసు. అందుకే ఈ శాలువాలో సగం ఆయనది.

2. రాయీ మట్టీ కలిసే చోటు చూడండి

ఎండాకాలంలో ఆ కట్టను తవ్వించాం. బుంగ సరిగ్గా తూము గోడను ఆనుకుని ఉంది. చెయ్యి పట్టేంత సందు, గోడ వెంట సాగి తర్వాత మట్టిలోకి తిరిగింది. కారణం తేలిగ్గానే దొరికింది. రోలరు గోడ దాకా రాలేదు. ఆ చివరి రెండు మూడడుగుల మట్టిని ఊరికే నింపి వదిలేశారు.

ఆ చోట మట్టిని అర అడుగు వరుసలుగా పోసి చేతి దిమ్మిసతోనే కొట్టాలి. మట్టిలో తడి ఎంత ఉండాలంటే, పిడికిట పడితే ముద్ద కట్టాలి, అరచేయి తడవకూడదు. ఎండిన మట్టి ఎంత కొట్టినా అతకదు. బురదైతే దిమ్మిస కింద పక్కకు జరుగుతుంది. తర్వాత నేను ఏ పనికి వెళ్లినా బిల్లు చూసే ముందు గోడ పక్క మట్టిలో గునపం దించి చూసేవాణ్ణి. సులువుగా దిగితే ఆ వరుస తీయించి మళ్లీ వేయించాను. కాంట్రాక్టర్లు నొచ్చుకున్నారు, నేను మాత్రం మారలేదు.

3. మత్తడి ఎత్తు పెంచవద్దు

రైతన్నలు దీనికి కోపగించుకోవద్దు. ఇంకో పది రోజుల నీళ్లు ఆగుతాయని మత్తడి మీద ఇసుక బస్తాలు పెడుతుంటారు. అడుగే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి.

వంద అడుగుల మత్తడి మీద మూడడుగుల ఎత్తున నీళ్లు దుంకితే సుమారు 1,550 క్యూసెక్కులు పోతాయి. అడుగు ఎత్తు పెంచితే, చెరువులో అదే మట్టం దగ్గర మత్తడి మీద రెండడుగులే ఉంటాయి. అప్పుడు పోయేది 850 క్యూసెక్కులే. మూడింట ఒక వంతు తగ్గాలి కదా అనుకుంటాం. కానీ మందం తగ్గితే నీటి వేగమూ తగ్గుతుంది, అందుకే దాదాపు సగం పోతుంది. మిగిలిన నీళ్లకు తోవ లేక మట్టం పెరుగుతుంది, చివరికి కట్ట మీదకు ఎక్కుతుంది. మట్టి కట్ట మీద నుంచి నీళ్లు పొర్లితే ఇక మన చేతిలో ఏమీ ఉండదు.

మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 650 మిల్లీమీటర్లకు దగ్గరగా వాన పడింది. అలాంటి వాన మత్తడి మీద బస్తాలున్న రోజే పడవచ్చు.

4. తేటగా ఉన్నా కొలవండి

ప్రతి మట్టి కట్టా కొంత కారుతుంది. కారడం జబ్బు కాదు, మారడం జబ్బు. ఊట కింద పదిహేను లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకండ్లలో నిండిందో రాయండి. పక్కనే ఆ రోజు చెరువు మట్టం రాయండి. మట్టం పెరిగితే ఊట పెరగడం సహజం. మట్టం అంతే ఉండి, నిన్న ముప్పై సెకండ్లకు నిండింది ఇవాళ ఇరవైకే నిండితే లోపల తోవ వెడల్పవుతున్నట్టు. నీళ్లు తేటగా ఉన్నా సరే, ఆ రాత్రి కట్ట మీద మనిషి ఉండాలి.

పూడిక తీసిన చెరువు, ఏళ్ల తరబడి ఎండిన చెరువు మొదటిసారి నిండేటప్పుడు ఇంకా జాగ్రత్త. కట్ట మట్టి పగిలి ఉంటుంది, ఎండ్రకాయలు, ఎలుకలు బొరియలు చేసి ఉంటాయి, కొట్టేసిన చెట్ల వేళ్లు లోపల కుళ్లి గొట్టాల్లా మారి ఉంటాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ నాటికి మన రాష్ట్రంలో చెరువులు 46 వేలకు పైగా లెక్కకొచ్చాయి. అన్నిటి దగ్గరా రోజూ ఇంజినీరు ఉండలేడు. ఒకప్పుడు ఊరికో నీరటి ఉండేవాడు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ పని చూసేవాళ్లు లేరు. ఇది నా మనసులో ఉన్న పెద్ద బాధ.

నాతో ఎండలో, వానలో నడిచిన వర్క్ ఇన్‌స్పెక్టర్లకు, కూలీ అక్కచెల్లెళ్లకు, రాత్రుళ్లు నా కోసం దీపం పెట్టుకుని కూర్చున్న మా ఇంటావిడకు చేతులెత్తి మొక్కుతున్నాను.

ఒక్క విన్నపం. ఈ వానాకాలం చెరువు నిండినప్పుడు కట్ట మీద ఫొటోలు దిగడానికి వెళ్లే పిల్లలు ఒక్కసారి కిందికి దిగి, తూము పక్కగా కట్ట అడుగున నడవండి. ఎక్కడైనా నీళ్లు ఊరుతుంటే గాజు గ్లాసులో పట్టి, కాసేపు కదలకుండా పెట్టి చూడండి. అడుగున మట్టి పేరితే తెల్లారేదాకా ఆగకుండా మీ ఏఈకి ఫోన్ చేయండి.