ఖో-ఖోలో జట్టుతత్వాన్ని అంచనా వేయడం

‘జట్టుగా ఆడాడు’ అని మాత్రమే రాస్తే మార్కు ఎందుకిచ్చామో పిల్లవాడికి తెలియదు. అందుకే పరిశీలన పత్రంలో కంటికి కనిపించే రెండు పనులనే పెట్టుకుంటాం: సమయానికి ఖో ఇవ్వడం, తనను తాకారని తెలియగానే అంపైర్ చెప్పకముందే బయటికి రావడం. చూసిన ప్రతిసారీ పేరు ఎదుట ఒక గీత గీస్తాం. తొమ్మిది మందినీ ఒకేసారి గమనించలేం కనుక ఒక్కో ఇన్నింగ్స్‌లో ముగ్గురినే చూస్తాం.

ఆట ముగియగానే, పత్రం చూపకుండా, రెండు ప్రశ్నలకు జవాబు రాయిస్తాం: ఈ రోజు జట్టు కోసం ఏం చేశావు? ఏ క్షణంలో వేరేలా ఆడి ఉండాల్సింది?

ఒక అబ్బాయి ముగ్గురిని ఔట్ చేసి, ‘నేనే గెలిపించాను’ అని రాశాడనుకుందాం. ఖో ఇచ్చినందుకు అతనికి ఒక్క గీతే ఉంది. రన్నర్ అవతలి వైపుకు జారుకుంటే తరిమేవాడు మధ్య గీత దాటకూడదు. అటు తిరిగి కూర్చున్నవారికి ఖో ఇవ్వాలి. అతను ఇవ్వకుండా స్తంభం చుట్టూ తిరిగి వెళ్లాడు. ఒక అమ్మాయికి రెండో పనిలో గీతే లేదు. కానీ ‘అంపైర్ చూడలేదు, నేనే చెప్పి బయటికి వచ్చాను’ అని రాసింది. అవతలి జట్టును అడిగితే నిజమేనన్నారు.

రెండు కాగితాలు కలవని చోట మార్కు వేయకుండా ముందు పిల్లలతో మాట్లాడతాం. మూడు ఆటల్లో అదే తీరు కనిపించాకే గ్రేడు రాస్తాం.