గడువు రెండు రోజులు జరపాలంటే: ఫ్రీలాన్సర్లు చేయవలసినవి, చేయకూడనివి

న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే నా స్నేహితురాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంది, పేజీలు కూడా తనే పేరుస్తుంది. నిరుడు అక్టోబరులో ఒక ఆరోగ్య సంస్థ ఆమెకు మధుమేహ రోగుల ఆహారం మీద 24 పేజీల పుస్తకం ఇచ్చింది. ధర 2,400 డాలర్లు. గడువు 2025 అక్టోబరు 16, గురువారం, సాయంత్రం 5 గంటలు. మంగళవారం మధ్యాహ్నానికి పేజీలన్నీ పేర్చేసి, పీడీఎఫ్ తీసి చూసుకుంది. ‘రక్తం’లో తవొత్తు కింద కూర్చోకుండా పక్కకు జారి ఉంది. ‘ఉష్ణోగ్రత’ మూడు ముక్కలైంది.

తెలుగు పేజీలు పేర్చేవాళ్లకు ఈ జబ్బు పరిచయమే. క్లయింటు పంపిన ఇన్‌డిజైన్ నమూనా ఇంగ్లీషు కోసం తయారైనది. అందులో పేరాగ్రాఫ్ మెనూలో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకుంటే తప్ప ఒత్తులు సరిగా కూడవు. ఎంచుకోవడం ఒక్క నొక్కుతో అయిపోతుంది, కానీ అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఒత్తులు కిందికి దిగేసరికి పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, వరుసల మధ్య ఎడం పెంచాలి. పెంచగానే ప్రతి పేజీలోనూ నాలుగైదు వరుసలు పొంగి బయటికి పోతాయి. 24 పేజీలూ మళ్లీ పేర్చాల్సిందే.

ముందు లెక్క, తర్వాతే కబురు. కంగారులో మనవాళ్లు మొదట చేసే పని “ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుందండీ” అని రాసేయడం. అది చేయకూడదు. ఆమె కాగితం మీద లెక్క వేసుకుంది. ఒక పేజీ సర్దడానికి 25 నిమిషాలు, చదివి సరిచూడటానికి 15. అంటే పేజీకి 40 నిమిషాలు, 24 పేజీలకు 16 గంటలు. హైదరాబాదులో ప్రూఫు చూసే ఆయన దిద్దుబాట్లు ఎక్కించడానికి మూడు గంటలు. చివర ప్రింటు ఫైలు తనిఖీకి ఒక గంట. మొత్తం 20. ఇంట్లో పిల్లలు, మిగతా పనులు పోగా రోజుకు నికరంగా పనిచేయగలిగేది ఆరు గంటలు. బుధ, గురు, శుక్రవారాలకు 18 గంటలు. మిగిలిన రెండు గంటలు సోమవారం మీద పడ్డాయి.

ఇలా లెక్క వేసుకోకపోతే ఆమె “శుక్రవారానికి ఇచ్చేస్తాను” అని ఉండేది. శుక్రవారం రాత్రి మళ్లీ ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చేది. మొదటిసారి గడువు జరిపితే క్లయింటు సర్దుకుంటాడు. రెండోసారి జరిపితే ఇంకో ఫ్రీలాన్సర్‌ని వెతుక్కుంటాడు. అందుకే లెక్కలో తేలిన సమయానికి కాస్త ఊపిరి కలిపి చెప్పాలి. సోమవారం ఉదయం 11కల్లా అయిపోయే పనికి ఆమె సాయంత్రం 5 అని చెప్పింది.

“రెండు రోజులు” అని రాయకూడదు. వారం, తేదీ, గంట రాయాలి. గురువారానికి రెండు రోజులు కలిపితే శనివారం. కానీ అమెరికా ఆఫీసులో శనివారం ఫైలు తెరిచేవాళ్లుండరు, వాళ్ల లెక్కలో రెండు పని దినాలంటే సోమవారం. మీరు శనివారం అనుకుని రాసింది వాళ్లు సోమవారం అనుకుంటే నష్టం లేదు. తారుమారైతేనే గొడవ. గంట పక్కన ఎక్కడి గంటో కూడా ఉండాలి. న్యూయార్క్‌లో అక్టోబరు సాయంత్రం 5 అంటే హైదరాబాదులో తెల్లవారుజామున 2:30. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు వెనక్కి తిప్పాక అదే 3:30 అవుతుంది. ఇండియాలో ప్రూఫు చూసేవాళ్లు ఉన్నప్పుడు ఈ గంట తేడా ఒక రాత్రి పనిని మింగేస్తుంది.

సెలవులు కూడా చూసుకోవాలి, వాళ్లవీ మనవీ. ఆ సోమవారం, అక్టోబరు 20, దీపావళి. న్యూయార్క్ నగరంలో బడులకు ఆ రోజు సెలవు, అంటే పిల్లలు ఇంట్లోనే. ఈ సంగతి ఆమెకు లెక్క అంతా అయ్యాక, గోడ మీద తెలుగు క్యాలెండరు చూస్తే తట్టిందట! రెండు గంటల పనే కాబట్టి పొద్దున్నే లేచి ముగించుకోవచ్చని అలాగే ఉంచింది. నాలుగు గంటల పనైతే మంగళవారం అని చెప్పి ఉండేదాన్నంది.

క్లయింటు తర్వాతి మెట్టు ఏమిటో కనుక్కోవాలి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, మనలో చాలామంది వదిలేసేదీ ఇదే. మీ గడువు క్లయింటుకు చివరి తేదీ కాదు, దాని వెనక ఇంకో పని కాచుకుని ఉంటుంది. ఆమె ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది: “నేను ఫైలు ఇచ్చాక దాన్ని ఎవరు, ఎప్పుడు తీసుకుంటారు?” వాళ్ల దగ్గర తెలుగు చదవగలిగే డాక్టరు ఒకరు శుక్ర, సోమ, మంగళవారాల్లో చదవాలి. బుధవారం, 22న, ఫైలు ప్రెస్సుకు వెళ్లాలి. కదలకూడనిది ఆ బుధవారం. తన గురువారం కదిలినా ఫరవాలేదు, డాక్టరు చేతికి పేజీలు విడతలుగా అందుతూ ఉంటే చాలు.

దాంతో ప్రణాళిక దానంతట అదే తేలింది. బుధవారం తొమ్మిది పేజీలు సర్ది హైదరాబాదుకు పంపితే, ఆయన అక్కడి పొద్దున చదివి దిద్దిన కాపీ ఈమె నిద్ర లేచేసరికి ఇక్కడ ఉంటుంది. గురువారం, శుక్రవారం ఒక్కో గంట దిద్దుబాట్లకు పోగా, మిగతా ఐదేసి గంటల్లో ఏడున్నర పేజీల చొప్పున సర్దవచ్చు. కాబట్టి పాత గడువైన గురువారం 5కే మొదటి ఎనిమిది పేజీలు, శుక్రవారం 5కు 9 నుంచి 16 దాకా, సోమవారం 5కు మొత్తం పుస్తకం, ప్రింటు ఫైలుతో సహా. మంగళవారం డాక్టరు చెప్పే సవరణల కోసం సాయంత్రం ఖాళీ పెట్టుకుంది.

పాత గడువు రోజున ఏదో ఒకటి చేతికి అందించడం చాలా అవసరం. అది పూర్తయిన ముక్క అయి ఉండాలి. సగం సగం సర్దిన 24 పేజీలు పంపితే డాక్టరు ఆ విరిగిన ఒత్తులన్నిటికీ ఎర్రగీతలు పెడుతూ కూర్చుంటారు.

కబురు ఎలా పంపాలి. ఫోన్లో మాట్లాడినా, వెంటనే ఈమెయిల్ వెళ్లాలి. వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఆమె ఇంగ్లీషులో పంపినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

> విషయం: ఆహార పుస్తకం, పూర్తి ఫైలు కొత్త తేదీ సోమవారం, అక్టోబరు 20
>
> పేజీలు పేర్చేటప్పుడు తెలుగు ఒత్తులు విడిపోయాయి. ఇంకా ముందే పట్టుకోవాల్సింది, క్షమించండి. 24 పేజీలూ మళ్లీ సర్దుతున్నాను. గురువారం 16న సాయంత్రం 5కు 1–8 పేజీలు, శుక్రవారం 17న 5కు 9–16, సోమవారం 20న 5కు మొత్తం పుస్తకం అందుతాయి. గంటలన్నీ న్యూయార్క్ సమయం. ప్రెస్సు తేదీ 22 మారదు. డాక్టరుగారు విడతలుగా చదవగలరా? ఈ తేదీలు సమ్మతమైతే రేపు మధ్యాహ్నం 12లోపు ఒక్క మాట రాయండి.

క్షమాపణ ఒక్కసారే ఉంది. కారణం ఒక్క వాక్యమే. జ్వరం, చుట్టాలు, కరెంటు లేవు. ఉన్నా రాయనక్కర్లేదు, లేనివి అసలు రాయకూడదు. మనవాళ్ల నోట అలవాటుగా వచ్చే “అయిపోవచ్చిందండీ”, “చూద్దాంలెండి” ఇక్కడ పనికిరావు. మనకు అవి మర్యాద మాటలు. అమెరికన్ క్లయింటు మొదటిదాన్ని మాట ఇచ్చినట్టు తీసుకుంటాడు, రెండోదాన్ని తప్పించుకోవడం అనుకుంటాడు.

పంపే వేళ కూడా చూసుకోవాలి. ఆమె మంగళవారం 3 గంటలకు సంగతి కనిపెట్టింది, 4:30కు ఉత్తరం పంపింది. గురువారం 4:30కు పంపి ఉంటే అదే ఉత్తరం సాకులా కనిపించేది.

జవాబు వచ్చేదాకా గడువు మారనట్టే. చాలా ఒప్పందాల్లో మార్పులు రాతపూర్వకంగానే జరగాలనే షరతు ఉంటుంది. క్లయింటు నుంచి వచ్చే “సరే” అన్న ఈమెయిల్ ఆ రాత, దాన్ని దాచుకోవాలి. సమయమే ఒప్పందానికి ప్రాణమనే అర్థం వచ్చే వాక్యం మీ కాగితంలో ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఒక్క రోజు ఆలస్యమైనా ఒప్పందం తప్పినట్టు వాదించే వీలు వాళ్లకుంటుంది. అప్పుడు పాత తేదీ దాటకముందే సమ్మతి చేతికి రావాలి.

డబ్బు తేదీ మరవకూడదు. న్యూయార్క్ నగరంలో 2017 మే నుంచి, రాష్ట్రమంతటా 2024 ఆగస్టు 28 నుంచి ఫ్రీలాన్సర్ల చట్టం ఉంది. 800 డాలర్లు, అంతకు మించిన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లోపు డబ్బివ్వాలి. క్లయింటు సకాలంలో చెల్లించాలంటే మీరు చేసిన పని జాబితా ఏ తేదీలోపు ఇవ్వాలో కూడా రాష్ట్ర చట్టం ప్రకారం ఒప్పందంలో ఉండాలి. రెండు రోజుల జరుగుబాటు దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. ఆమె ఒప్పందంలో ఆ తేదీ నెలలో 17. అది దాటితే డబ్బు నవంబరు ఆఖరుకు పోతుంది. అందుకని 17 సాయంత్రానికి అప్పగించిన 16 పేజీలకు, అంటే 1,600 డాలర్లకు, ఆ రోజే జాబితా ఇస్తానని రెండో ఈమెయిల్లో అడిగింది. వాళ్లు ఒప్పుకున్నారు.

పని మొదలయ్యాక, ఒప్పుకున్న ధర తగ్గించుకుంటేనే సమయానికి డబ్బిస్తామనడానికి ఆ చట్టం ఒప్పుకోదు. అలాగని మన ఆలస్యాన్ని మాఫీ చేసేదీ కాదు, ఒప్పందంలో జరిమానా రాసుకుని ఉంటే అది వేరే సంగతి. కాబట్టి ఎవరూ అడగకముందే “పది శాతం తగ్గిస్తాను” అని రాయకండి. అడిగితే అప్పుడు ఆలోచించవచ్చు. క్లయింటుకు కావలసింది చాలాసార్లు తగ్గింపు కాదు, బుధవారం ప్రెస్సుకు వెళ్లే ఫైలు.

కొన్ని గడువులు జరగవు. కోర్టులో దాఖలు చేసే పత్రం, ప్రభుత్వ గ్రాంటు దరఖాస్తు లాంటివాటికి రెండు రోజులు అడగవద్దు. ఏ భాగం వదిలేయవచ్చో, ఎవరిని తోడు పెట్టుకోవచ్చో అడగండి.

దీపావళి నాడు మధ్యాహ్నం 1:40కు ఆమె మొత్తం పుస్తకం పంపింది. మంగళవారం డాక్టరు చెప్పిన సవరణలు పదకొండు, వాటిలో ఒత్తుల తప్పు ఒక్కటీ లేదు. బుధవారం ఉదయం ఫైలు ప్రెస్సుకు వెళ్లింది. మీ ఒప్పందంలో పని జాబితా ఇవ్వాల్సిన తేదీ ఎంతో ఇవాళే తీసి చూసుకోండి.