మంత్రాలయం టోపోషీటులో వాలు, వంక, మిట్ట గుర్తుపట్టడం ఎలా?

మంత్రాలయం దగ్గర తుంగభద్రకు దక్షిణాన ఉన్న మెట్ట చేలలో నిలబడితే నేల చాలావరకు చదునుగానే కనిపిస్తుంది. వాన నీరు ఏ చేనులోంచి ఏ వంకకు చేరుతుందో, ఎక్కడ వేగం పుంజుకుని మన్ను కోస్తుందో చూపుతో తేల్చడం కష్టం. సర్వే ఆఫ్ ఇండియా ముద్రించే టోపోషీటులోని గోధుమ రంగు గీతలు ఈ విషయం చెబుతాయి. వీటిని కాంటూరు రేఖలు అంటారు. ఒక రేఖ పొడవునా నేల ఎత్తు ఒకటే. చెరువు ఇంకే కొద్దీ ఒడ్డు మీద ఒకదాని కింద ఒకటిగా మిగిలే నీటి చారల్లాంటివే ఇవి. ఒడ్డు నిటారుగా ఉన్నచోట చారలు దగ్గరపడతాయి, ఏటవాలుగా ఉన్నచోట దూరమవుతాయి.

కావలసినవి

1:50,000 స్కేలు టోపోషీటు, మిల్లీమీటర్ల స్కేలు, పెన్సిలు. పాత నంబర్ల పద్ధతిలో మంత్రాలయం ఉండేది 57 ఇ/5 షీటులో.

1. ముందు అంచులు చదవండి

షీటు కింది అంచున రెండు విషయాలు చూడాలి. మొదటిది స్కేలు. 1:50,000 అంటే మ్యాపు మీద 1 మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు, 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. రెండోది కాంటూరు అంతరం, అంటే పక్కపక్క రేఖల మధ్య ఎత్తు తేడా. ఈ స్కేలులో ఇది ఎక్కువగా 20 మీటర్లు ఉంటుంది. చదును ప్రాంతాల్లో 10 కూడా ఉండవచ్చు కాబట్టి అచ్చులో ఉన్నదే నమ్మండి.

జెరాక్సులో పెద్దదో చిన్నదో చేసిన కాపీ మీద, ఫోను తెర మీద ఈ మిల్లీమీటర్ల లెక్క పనికిరాదు. అలాంటప్పుడు మ్యాపుతోపాటే సాగి, కుదించుకుపోయే స్కేలు పట్టీతో కొలవాలి.

2. ఎత్తు ఎటు పెరుగుతుందో తేల్చండి

ప్రతి ఐదో రేఖ లావుగా ఉంటుంది. దాని మీద ఎత్తు అంకె వెతకండి. 20 మీటర్ల అంతరమైతే ఒక లావు రేఖ నుంచి ఇంకో లావు రేఖకు తేడా 100 మీటర్లు. మధ్య సన్న రేఖలకు మీరే పెన్సిలుతో 340, 360, 380 అని రాసుకోండి. చదును నేలలో లావు రేఖ దూరంగా ఉండవచ్చు. అప్పుడు చుక్క పక్కన అంకె వేసి ఉన్న స్థల ఎత్తులు ఆధారం. ఈ పని వదిలేస్తే 4వ మెట్టులో వంకను మిట్టగా, మిట్టను వంకగా చదివే ప్రమాదం ఉంది.

3. ఎడం కొలిచి వాలు లెక్కించండి

ఎత్తు తేడాను నేల మీది దూరంతో భాగించి 100తో గుణిస్తే వాలు శాతం వస్తుంది. సాధనకు ఒక లెక్క చేద్దాం. ఒక గుట్ట మీది 400 రేఖ నుంచి కింద వంక దగ్గరి 340 రేఖ దాకా ఎడాలు ఇలా ఉన్నాయనుకోండి:

- 400 నుంచి 380: 2 మిల్లీమీటర్లు, అంటే 100 మీటర్లు. వాలు 20 శాతం.
- 380 నుంచి 360: 6 మిల్లీమీటర్లు, అంటే 300 మీటర్లు. వాలు దాదాపు 7 శాతం.
- 360 నుంచి 340: 22 మిల్లీమీటర్లు, అంటే 1,100 మీటర్లు. వాలు 2 శాతం కన్నా కాస్త తక్కువ.

మొత్తం ఒకేసారి లెక్కిస్తే 1,500 మీటర్లకు 60 మీటర్లు, అంటే 4 శాతం. ఆ వాలు ఈ మూడు భాగాల్లో ఎక్కడా లేదు. పైన నీరు ఉరికే చోటు, కింద సేద్యానికి వీలైన చోటు రెండూ సగటులో కలిసిపోయాయి. అందుకే ఒక్కో ఎడాన్ని విడిగా కొలవాలి.

స్కేలును రేఖలకు అడ్డంగా, లంబకోణంలో పెట్టండి. ఐమూలగా పెడితే దూరం పెరిగి, వాలు ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది.

ఈ ప్రాంతపు నల్లరాతి గుట్టలకు పై లెక్కలోని గుట్టలాంటి ఆకారమే ఎక్కువ. ఆదోని కోట ఉన్న కొండల్లో ఎత్తైనవి చుట్టూ ఉన్న మైదానం నుంచి సుమారు 800 అడుగులు, అంటే 240 మీటర్ల పైచిలుకు లేస్తాయి. 20 మీటర్ల అంతరంలో అవి పన్నెండు రేఖల దాకా అవుతాయి. రేఖలు బిగుసుకుని ఉండి, కొండ మొదట్లో ఒక్కసారిగా ఎడమైతే రాతి వాలు ముగిసి మన్ను నేల మొదలైనట్టే.

4. వంపు చూసి వంకనూ మిట్టనూ వేరుచేయండి

రేఖ ఒక వంకను దాటేటప్పుడు మొన తేలి వంగుతుంది. ఆ మొన ఎక్కువ అంకె వైపు చూస్తే అది వంక. నీరు మొనకు వ్యతిరేకంగా, తక్కువ అంకె వైపు పారుతుంది. వంపు తక్కువ అంకె వైపు ఉబ్బితే అది రెండు వంకల మధ్య ముందుకు చొచ్చుకొచ్చిన మిట్ట. ఆకారం రెండింటికీ ఒకేలా ఉండవచ్చు, తేడా చెప్పేది అంకెలే.

మంత్రాలయం షీటులో ఇది సరిచూసుకోవచ్చు. నది ఊరికి ఉత్తరాన ఉంది. దక్షిణపు నేల నీరు మొత్తం మీద ఉత్తరంగా నదిలోకి దిగుతుంది. కాబట్టి నదిలో కలిసే వంకల మీద మొనలు ఎక్కువగా దక్షిణానికి, మిట్టల ఉబ్బులు ఉత్తరానికి ఉండాలి. నది దాటి రాయచూరు జిల్లా వైపు చూస్తే ఇది తిరగబడుతుంది. మీ గుర్తులు ఇందుకు పూర్తిగా ఎదురుగా వస్తే అంకెలు మళ్లీ చూడండి.

టోపోషీటులో ఎండు వంకలను సాధారణంగా నల్ల గీతలతోనూ, నీరుండే చోటును నీలంతోనూ చూపుతారు. రాయలసీమలో వంకలు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండే ఉంటాయి. నీలం మాత్రమే వెతికితే సగం వంకలు తప్పిపోతాయి.

5. మొనలు కలపండి, ఉబ్బులు కలపండి

వంక మొనలన్నిటినీ నీలం పెన్సిలుతో కలిపితే నీటి దారి వస్తుంది. ఉబ్బుల కొసలను ఎరుపుతో కలిపితే మిట్ట వరస వస్తుంది. వాటర్‌షెడ్ పనుల్లో రిడ్జ్ అనేది దీన్నే. ఎరుపు గీత ఎక్కడా నీలం గీతను దాటకూడదు. దాటిందంటే ఏదో ఒక వంపును తప్పుగా చదివారు.

ఇలా తూర్పుకు జరుగుతూ పక్క షీట్లలోకి వెళ్తే, నేరుగా తుంగభద్రలో కలిసే వంకలనూ, కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే హంద్రీకి నీరిచ్చే వంకలనూ విడదీసే మిట్ట వరస దొరుకుతుంది. దానికి ఇటు పడిన వాన, అటు పడిన వాన వేర్వేరు దారుల్లో నదికి చేరతాయి.

6. మ్యాపు చూపనివి గుర్తుంచుకోండి

రెండు రేఖల మధ్య తెల్లగా ఉన్న చోటు చదునని కాదు. అక్కడ తేడా 20 మీటర్ల లోపేనని మాత్రమే అర్థం. పదిహేను మీటర్ల గుట్ట ఏ రేఖనూ తాకకుండా ఆ మధ్యలో దాగవచ్చు. నాలుగు మీటర్ల లోతు కోసుకుపోయిన వంక గట్టు కూడా రేఖల్లో తేలదు. నది వాలు మరీ తక్కువ కాబట్టి కాంటూరు రేఖ నదిని అరుదుగానే దాటుతుంది. నది పారే దిశకు రేఖల మీద ఆధారపడకుండా, నది మీద అచ్చువేసిన బాణం గుర్తు చూడండి.

అందువల్ల ఈ షీటుతో ఏ మిట్ట నుంచి పని మొదలుపెట్టాలో, ఏ వంకకు ఎంత నేల నీరు చేరుతుందో అంచనా కట్టవచ్చు. చేనులో కాంటూరు గట్టు ఎక్కడ వేయాలన్నది మాత్రం ఈ స్కేలులో తేలదు. దానికి డంపీ లెవల్‌తో అక్కడికక్కడే మట్టాలు తీయాలి. మట్టాలు తీయించే ముందు, మీరు గీసిన ఎరుపు, నీలం గీతలతో ఒక మంచి వాన వెలిసిన వెంటనే చేలో నడవండి. నీరు పారిన జాడ నీలం గీతతో కలవని ప్రతి చోటా షీటు మీద గుర్తు పెట్టుకోండి. ముందుగా మట్టం తీయాల్సింది ఆ చోట్లలోనే.